‘ఓం శాంతి’తో బాధ్యత తీరదు

తోటి ఉద్యోగి తండ్రి పోయాడని తెలిస్తే వాట్సాప్ గ్రూపులో ‘ఓం శాంతి’ అని రాసి, చేతులు జోడించిన బొమ్మ ఒకటి పెడితే చాలన్న అభిప్రాయం మన బడుల్లో, ఆఫీసుల్లో గట్టిగా పాతుకుపోయింది. ‘చావు ముందు మాటలెందుకు? రెండు మాటల్లో ముగించడమే మర్యాద, ఎక్కువ రాస్తే నటన అవుతుంది’ అంటారు. ‘ఏడుస్తున్న మనిషి ఏం రాశారో చదవడు, ఎవరు రాశారో మాత్రమే చూస్తాడు’ అని కూడా అంటారు. ఇలా అనేవాళ్ళు మనసు లేనివాళ్ళు కారు. తప్పు మాట రాసి నొప్పించడం కంటే అందరూ రాసే మాటే రాయడం మేలని నమ్మేవాళ్ళు. కానీ ఆ నమ్మకం తప్పు. సంతాప సందేశం పొట్టిగా ఉండాలన్నది నిజమే. అయితే పొట్టిగా రాయడానికీ ఏమీ చెప్పకపోవడానికీ చాలా దూరం ఉంది. ఆ దూరాన్ని మనం గమనించకపోవడం వల్ల తండ్రి పోయిన మనిషి నలభై సందేశాల మధ్య కూడా ఒంటరిగా మిగులుతున్నాడు.

హార్స్లీ హిల్స్ చుట్టుపక్కల ఊళ్ళ సంగతి తీసుకుంటాను. ఇక్కడ సందేశానికి ఉన్న బరువు ఒక తరం కిందట లేదు. అప్పట్లో చావు కబురు తెలిస్తే పనులు ఆపి మనుషులే వెళ్ళేవారు. ఇప్పుడు రోజూ దూరం పోయి పనిచేసి రాత్రికి ఇల్లు చేరేవాళ్ళున్నారు. మదనపల్లె, బి.కొత్తకోట బడుల్లో పాఠం చెప్పే మాస్టర్ల సొంత ఊళ్ళు అనంతపురం వైపో కడప వైపో ఉంటాయి. పక్క టేబులు మనిషి తండ్రి ఎక్కడో నూరు కిలోమీటర్ల అవతల పోతాడు. అంత్యక్రియలకు తోటి ఉద్యోగులు అందుకోలేరు, చాలాసార్లు దినాలకు కూడా పోలేరు. కాబట్టి ఒకప్పుడు మనిషి వెళ్ళి చేసిన పనిని ఈ రోజు ఆ నాలుగు వాక్యాలు చేయాల్సి వస్తోంది. అవి ఆ పని చేస్తున్నాయా అన్నదే ప్రశ్న.

అది తేల్చాలంటే, మనిషి వెళ్ళినప్పుడు ఏం జరిగేదో చూడాలి. చావింటికి పలకరించడానికి పోతే ఇంటివాళ్ళు ‘రండి’ అనరు. వచ్చినవాళ్ళు పోయేటప్పుడు ‘వెళ్ళొస్తాం’ అనరు. మర్యాద మాటలన్నీ ఆ గడప దగ్గర ఆగిపోతాయి. దీన్ని పట్టుకునే కొందరు ‘చూశారా, మన సంప్రదాయంలోనే మౌనం ఉంది’ అంటారు. కానీ ఆగిపోయేవి మర్యాద మాటలు మాత్రమే. అరుగు మీద కూర్చున్న కాసేపటికి ఎవరో ఒకరు ‘ఎట్లా జరిగింది?’ అని అడుగుతారు. కొడుకు చెప్పడం మొదలుపెడతాడు. రాత్రి ఎన్ని గంటలకు ఆయాసం వచ్చిందో, ఏ ఆస్పత్రికి తీసుకుపోయారో, చివరగా ఏమన్నాడో చెప్తాడు. గంట తర్వాత ఇంకో గుంపు వస్తే మళ్ళీ మొదటినుంచి చెప్తాడు. వచ్చినవాళ్ళలో ఒక ముసలాయన ‘మా చెల్లెలి పెళ్ళికి బండి కట్టుకుని వచ్చినాడయ్యా మీ నాయన’ అంటాడు. కొడుక్కు తెలియని సంగతి అది. ఆ క్షణంలో పోయిన మనిషి గురించి ఆ ఇంటికి కొత్తగా ఒకటి దక్కుతుంది.

ఇంట్లో ఆడవాళ్ళు శోకాలు పెట్టేటప్పుడూ అంతే. ‘అయ్యో’ అని ఊరుకోరు. ఆయన ఏ పిల్లకు ఏ గాజులు తెచ్చాడో, ఏ కరువులో ఏ గింజలు దాచి ఇల్లు గడిపాడో పేరుపేరునా చెప్పి ఏడుస్తారు. మన మహాభారతం స్త్రీపర్వంలో కూడా గాంధారి కురుక్షేత్రంలో నిలబడి చనిపోయినవాళ్ళందరి కోసం కలిపి ఒక్కసారి ఏడవదు. దుర్యోధనుణ్ణి, కర్ణుణ్ణి, అభిమన్యుణ్ణి, ఒక్కొక్కరినీ వేరువేరుగా చూపించి, ఎవరి పక్కన ఎవరు కూర్చుని ఏడుస్తున్నారో కృష్ణుడికి చెబుతుంది. దుఃఖం ఎప్పుడూ ఒక మనిషి కోసమే. మన సంప్రదాయానికి ఆ సంగతి బాగా తెలుసు. అందరికీ పనికొచ్చే మాటను పది వేళ్ళతో కాపీ చేసి పెట్టడాన్ని సంప్రదాయం పేరుతో సమర్థించుకోవడం కుదరదు.

ఇక రెండో వాదన, మూసమాట సురక్షితం అన్నది. ఎవరికీ నొప్పి కలగదు కదా అంటారు. మదనపల్లెలో ఒక స్టాఫ్ రూములో కూర్చున్నవాళ్ళను చూస్తే ఈ వాదన నిలవదు. అక్కడ హిందువులుంటారు, ఉర్దూ మాట్లాడే ముస్లింలుంటారు, మిషన్ ఆస్పత్రుల, బడుల కాలం నుంచి ఉన్న క్రైస్తవ కుటుంబాలవాళ్ళుంటారు. ఒక ఇంట్లో పెద్దదినం ఉంటే, ఇంకో ఇంట్లో మూడోరోజు జియారత్ ఉంటుంది, మరో ఇంట్లో జ్ఞాపకార్థ కూడిక ఉంటుంది. చనిపోయినవారి ఆత్మ ఎక్కడికి పోతుంది, దానికేం కావాలి అన్నదాంట్లో ముగ్గురి నమ్మకాలూ వేరు. ‘ఆత్మకు శాంతి’ అన్న మాట ఒకరికి ప్రార్థన, ఇంకొకరికి పరాయి ప్రార్థన. అందరికీ ఒకటే అనుకున్న మాట నిజానికి ఒక నమ్మకానికి చెందిన మాట.

దీనికి పరిష్కారం మతానికొక మూసమాట వెతుక్కోవడం కాదు. ఎవరికి రాస్తున్నామో గుర్తుపెట్టుకోవడం. ‘ఓం శాంతి’ చనిపోయినవారిని ఉద్దేశించిన మాట. మన సందేశం చదివేది బతికున్న మనిషి. తన తండ్రి ఆత్మ సంగతి చూసుకోవడానికి అతనికి పురోహితుడో మౌల్వీయో పాస్టరో ఉన్నారు. తోటి ఉద్యోగిగా మనం మాట్లాడాల్సింది అతనితో. అలా మొదలుపెడితే మతం అడ్డు రాదు, మాట దొరకకపోవడం అన్న కష్టం కూడా సగం తీరుతుంది.

‘సరే, రాయడం ఎట్లా?’ అనేవాళ్ళ కోసం ఒక సందర్భం కల్పించి చూద్దాం. కొండ కింద ఊళ్ళో ఒక హైస్కూలు. లెక్కల మాస్టరుది పుంగనూరు వైపు పల్లె. ఫిబ్రవరి నెల. మార్చిలో పదో తరగతి పరీక్షలు. ఆయన తండ్రి, డెబ్బై దాటిన రైతు, రాత్రికి రాత్రి పోయాడు. అదే బడిలో సైన్సు చెప్పే మాస్టరు ఒకసారి ఆ ఇంటికి పోయి ఉన్నాడు. ఆయన ఇలా రాయవచ్చు:

‘సార్, నాయన పోయినారని హెడ్మాస్టరు చెప్పినారు. చాలా బాధగా ఉంది. పోయిన ఏడాది సంక్రాంతికి మీ ఇంటికి వచ్చినప్పుడు ఆయన పుంగనూరు ఆవును పక్కన నిలబెట్టుకుని, దాని తల్లినీ తల్లి తల్లినీ కూడా పేరుపెట్టి చెప్పినారు, నాకు ఇప్పటికీ గుర్తుంది. పెద్దదినం అయ్యేదాకా మీ తొమ్మిది, పది తరగతుల లెక్కల పీరియడ్లు నేను చూసుకుంటాను. ఆదివారం ఊరికి వస్తాను. దీనికి జవాబు రాయొద్దు.’

ఇది చదవడానికి అర నిమిషం కూడా పట్టదు. ఇందులో పెద్ద మాట ఒక్కటీ లేదు. ఒక్కో వాక్యం ఏం చేస్తుందో చూడండి. మొదటిది జరిగినదాన్ని నేరుగా చెబుతుంది. ‘మీ ఇంట్లో జరిగిన విషాదం’ అని చుట్టుతిప్పి చెప్పదు. ఎవరు పోయారో చెప్పడానికి కూడా జంకితే, ఈ మనిషితో ఆ సంగతి మాట్లాడలేమని చదివేవాడు అనుకుంటాడు. రెండోది రాసిన మనిషి బాధను మూడు మాటల్లో చెప్పి ఆగిపోతుంది. అక్కడ సాగదీస్తే దృష్టి రాసినవాడి మీదకు పోతుంది.

మూడో వాక్యం ఈ సందేశానికి ప్రాణం. ఆవు సంగతి ఆ మాస్టరుకు ముందే తెలుసు. కానీ తన తండ్రి ఆ సంగతి చెప్పగా ఒక బయటి మనిషి విని, ఏడాది పాటు గుర్తుపెట్టుకున్నాడని తెలియదు. తండ్రి తన జ్ఞాపకంలోనే కాక వేరే మనిషి జ్ఞాపకంలో కూడా ఉన్నాడని ఆ వాక్యం చూపిస్తుంది. అరుగు మీద ముసలాయన బండి సంగతి చెప్పి చేసిన పనే ఇది. ‘మీ నాన్నగారు చాలా మంచివారు’ అన్న వాక్యం దీన్ని చేయలేదు. ఎందుకంటే ఆ మాట ఆయనను చూడనివాడు కూడా రాయగలడు. ఒక వాక్యం పనికొచ్చేదో కాదో తేల్చడానికి ఇదే పరీక్ష. ఇంకొకరి తండ్రి పోయినప్పుడు అదే వాక్యం యథాతథంగా పంపగలిగితే, దాన్ని తీసేయాలి.

నాలుగో వాక్యం చుట్టాలెవరూ రాయలేనిది. చుట్టాలు బియ్యం తెస్తారు, వంటమనిషిని చూస్తారు, బంధువులకు కబురు పంపుతారు. పరీక్షల ముందు పదో తరగతి పిల్లలు ఏమవుతారో అన్న దిగులు మాత్రం తోటి మాస్టరు ఒక్కడే తీర్చగలడు. దీనికి బదులు మనం రాసే మాట ఏమిటి? ‘ఏ సాయం కావాలన్నా చెప్పండి.’ వినడానికి పెద్ద మనసుగా కనిపించే ఈ మాట పనిని బాధలో ఉన్నవాడి మీదే పెడుతుంది. ఏం కావాలో అతనే ఆలోచించాలి, ఎవరిని అడగాలో తేల్చుకోవాలి, మొహమాటం దాటి అడగాలి. ఎక్కువమంది అడగరు. సాయం చేసేవాడు ఏం చేస్తాడో, ఎన్నాళ్ళు చేస్తాడో తానే చెప్పాలి. చేయలేనిది రాయకూడదు. ఏమీ చేయలేకపోతే ఆ వాక్యం వదిలేయాలి.

చివరి వాక్యం గురించి ఒక్క మాట. గ్రూపులో నలభైమంది ‘ఓం శాంతి’ పెడితే, ఎవరికీ ఏమీ రాయకపోతే తప్పనుకుంటారేమోనని పాడె లేచిన సాయంత్రం కూర్చుని ధన్యవాదాలు టైపు చేసేవాళ్ళున్నారు. ‘జవాబు రాయొద్దు’ అన్న రెండు మాటలు ఆ బాకీని రద్దు చేస్తాయి. గ్రూపు కబురు తెలియడానికి పనికొస్తుంది. సంతాపం మాత్రం ఆ మనిషి సొంత నంబరుకు వెళ్ళాలి. గ్రూపులో రాసేది పదిమంది చూడటానికి రాసినట్టే ఉంటుంది, కాసేపటికి దాని కింద ఎవరో సర్క్యులర్ పెడతారు.

పొట్టిగా రాస్తూనే ఇంత చెప్పడం సాధ్యమేనా అని అనుమానపడేవాళ్ళకు చరిత్రలో ఒక ఉత్తరం ఉంది. 1862 డిసెంబరు 5న అమెరికా అంతర్యుద్ధంలో మిసిసిపీ రాష్ట్రం కాఫీవిల్ దగ్గర విలియం మెకల్లా అనే అధికారి చనిపోయాడు. ఇల్లినాయిలో కోర్టు గుమాస్తాగా పనిచేసిన కాలం నుంచి ఆయన అబ్రహాం లింకన్‌కు తెలిసినవాడు. తండ్రి పోయాక కూతురు ఫానీ తిండి మాని గది తలుపు వేసుకుందని తెలిసి, డిసెంబరు 23న లింకన్ ఆమెకు ఉత్తరం రాశాడు. దేశం యుద్ధంలో మునిగి ఉన్న సమయంలో అధ్యక్షుడు రాసిన ఆ ఉత్తరం చాలా చిన్నది. అందులో ఆయన ఆమెను ఏడవొద్దనలేదు. వయసులో ఉన్నవాళ్ళకు దుఃఖం తెలియకుండా వచ్చి పడుతుంది కాబట్టి మరీ చేదుగా ఉంటుందని ఒప్పుకున్నాడు. ఇప్పుడు ఎవరేం చెప్పినా పూర్తి ఊరట రాదని, కాలం గడవాలని రాశాడు. మళ్ళీ తేరుకుంటావని, ఆ మాట అనుభవంతో చెబుతున్నానని అన్నాడు.

ఆ అనుభవం ఏమిటో మాత్రం వివరించలేదు. అదే ఏడాది ఫిబ్రవరిలో ఆయన కొడుకు విల్లీ చనిపోయాడు. అప్పటికి పది నెలలే అయింది. ఆయన తలచుకుంటే ఉత్తరమంతా ఆ కొడుకు గురించే రాయగలడు. కొడుకు పేరు కూడా ఎత్తలేదు. ఆ ఉత్తరం ఫానీది, ఆమె తండ్రిది. రాసేవాడి దుఃఖం అందులో ఒక్క వాక్యానికి మించి చోటు తీసుకోలేదు. క్లుప్తత అంటే ఇదీ. మాటలు తగ్గించడం వల్ల రాలేదు ఆ క్లుప్తత, తనను తాను తగ్గించుకోవడం వల్ల వచ్చింది.

ఈ ఉదాహరణ ఎందుకంటే, మూసమాటను వదిలిన మనవాళ్ళు చాలాసార్లు ఇంకో గుంటలో పడతారు. ‘మా నాన్న పోయినప్పుడు నేనూ...’ అని మొదలుపెట్టి తమ కథంతా రాస్తారు. లేదా గీత రెండో అధ్యాయం తీసి, పుట్టినవాడికి చావు తప్పదని బోధిస్తారు. ఆ మాట కృష్ణుడు చెప్పింది యుద్ధం మొదలు కాకముందు, విల్లు కింద పెట్టిన యోధుడికి. తండ్రికి తలకొరివి పెట్టి వచ్చిన కొడుక్కు కాదు. యుద్ధం ముగిశాక, స్త్రీపర్వంలోనే, కొడుకులను పోగొట్టుకున్న ధృతరాష్ట్రుడికి విదురుడు ఇలాంటి తత్త్వమే చాలాసేపు చెబుతాడు. అంతా విన్నాక కూడా ఆ ముసలి రాజు మూర్ఛపోతాడు. తత్త్వం అబద్ధమని కాదు. ఆ సమయానికి అది చేరదు. ‘ధైర్యంగా ఉండండి, మీరే ఇంటికి పెద్ద’ అన్న మాటా అలాంటిదే. ఏడవడానికి ఉన్న కొద్ది సమయాన్ని కూడా అది లాక్కుంటుంది.

మూసమాటను సమర్థించేవాళ్ళ వాదనల్లో ఒక్కటి మాత్రం గట్టిది. మనకు ఏమీ తెలియని సందర్భాలుంటాయి, అప్పుడు సొంతమాట రాయబోతే అబద్ధం రాస్తాం అంటారు. నిజమే. ఆ తండ్రిని చూడనేలేదనుకోండి. అప్పుడు ఆయన గురించి కల్పించకూడదు. కానీ తోటి ఉద్యోగి ఆయన గురించి ఏదో ఒకటి చెప్పే ఉంటాడు. ‘టమోటా ధర పడిపోయిన ఏడాది కూడా నాయన నన్ను ఫీజు గురించి ఆలోచించనీయలేదు’ అని ఎప్పుడో టీ తాగుతూ అన్న మాట ఉంటుంది. ‘మీరు ఆయన గురించి చెప్పిన ఆ మాట గుర్తొచ్చింది’ అని రాస్తే చాలు. అదీ లేకపోతే, ‘ఆయనను నేను చూడలేదు. మీరెట్లా ఉన్నారో అని ఆలోచిస్తున్నాను’ అన్న రెండు వాక్యాలు నిజాయితీగా నిలుస్తాయి.

తండ్రీకొడుకులకు పడని ఇళ్ళుంటాయి. తాగి ఇల్లు గుల్ల చేసిన తండ్రి కూడా చనిపోతాడు. అక్కడ ‘మహానుభావుడు’, ‘మార్గదర్శి’ లాంటి మాటలు పుండు మీద కారం. తెలిసినవాడు పోయిన మనిషిని పొగడకుండా, ఉన్న మనిషి యోగక్షేమం మాత్రమే అడగాలి. ఉరి వేసుకున్న చావు, రోడ్డు ప్రమాదంలో వచ్చిన చావు అయితే ‘ఎట్లా జరిగింది’ అన్న ప్రశ్న సందేశంలో వేయకూడదు. అరుగు మీద ఎదురుగా కూర్చున్నవాడు ముఖం చూసి ఆ ప్రశ్న ఆపుకోగలడు, ఫోన్లో రాసినవాడు ఆపుకోలేడు. తొంభై ఏళ్ళ తండ్రి పోతే ‘పండిన వయసు, మంచి చావు’ అన్న మాట కొడుకు అనాలి గానీ మనం అనకూడదు. ఎన్నేళ్ళ తండ్రి అయినా ఉన్నది ఒక్కడే. ఈ జాగ్రత్తలన్నీ మూసమాటకు సమర్థన కావు. ఎవరికి ఏం జరిగిందో తెలుసుకుని రాయమని చెప్పేవే అన్నీ.

మూసమాటకు ఒక చోటు ఉంది, దాన్ని కాదనను. బడి బోర్డు మీద రాసే ప్రకటనలో, సంతాప సభలో, రెండు నిమిషాల మౌనంలో అందరికీ ఒకటే మాట ఉండటం న్యాయం. అక్కడ మాట్లాడేది సంస్థ. ఒక మనిషి ఇంకొక మనిషికి రాసేటప్పుడు సంస్థ భాష వాడితే, ఇన్నేళ్ళు పక్కన కూర్చుని పనిచేసిన బంధం బోర్డు మీది ప్రకటన స్థాయికి దిగిపోతుంది.

కాలం గురించి కూడా మనకొక పొరపాటు అలవాటు ఉంది. మొదటి రోజు రాయకపోతే ఇక రాయడం బాగుండదని ఆగిపోతాం. లింకన్ ఉత్తరం పద్దెనిమిది రోజుల తర్వాత వెళ్ళింది. నిజానికి మొదటి మూడు రోజులు ఇంటినిండా జనం ఉంటారు. పెద్దదినం భోజనాలయ్యాక చుట్టాలు ఎవరి ఊరికి వాళ్ళు పోతారు. మాస్టరు బడికి తిరిగొస్తాడు, పీరియడ్లు మొదలవుతాయి, ఎవరూ ఆ ఊసెత్తరు. ఎత్తితే గుర్తు చేసినట్టవుతుందని భయపడతారు. మరిచిపోయినదాన్ని కదా గుర్తు చేసేది! అతను మరిచిపోలేదు. నెల తర్వాత ‘ఆవును ఇప్పుడు ఎవరు చూసుకుంటున్నారు సార్?’ అని అడిగినవాడే మొదటి రోజు సందేశాన్ని పూర్తి చేసినవాడు.

అందుకే ఈ అభిప్రాయాన్ని వదిలిపెట్టమని అడుగుతున్నాను. ‘ఓం శాంతి’ టైపు చేయబోయే ముందు ఆగి రెండు సంగతులు తేల్చుకోవాలి. ఆ తండ్రి గురించి నాకు నిజంగా తెలిసిన ఒక్క విషయం ఏమిటి? ఆ కొడుకు పనిలో నేను మోయగలిగిన ఒక్క భాగం ఏమిటి? ఈ రెండింటికీ జవాబు దొరికితే సందేశం నాలుగైదు వాక్యాల్లో ముగుస్తుంది, దాన్ని సాగదీయాల్సిన పని ఉండదు. దొరకకపోతే, పక్కన పనిచేసే మనిషి గురించి మనకు ఎంత తక్కువ తెలుసో తేలుతుంది. ఆ లోటును మూసమాటతో కప్పిపుచ్చకుండా, ఫోన్ చేసి ‘మీ నాయన గురించి చెప్పండి సార్’ అని అడగడం మన చేతిలో పని.